గోడ పగలగొట్టకుండా కొత్త ప్లగ్ పాయింట్: ముందు తేలాల్సింది కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది

ప్రశ్న: నేను మేడ మీద ఒక్క గదిలో అద్దెకు ఉంటున్నాను. గది మొత్తానికి తలుపు పక్కన ఒకే స్విచ్‌బోర్డు, అందులో ఒకే చిన్న ప్లగ్గు. నా టేబులు, వంటగట్టు రెండూ ఎదురుగోడ వైపు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద లాగి, కన్వర్టర్ పెట్టి 1800 వాట్ల ఇండక్షన్ స్టవ్వు, 1500 వాట్ల కెటిల్, లాప్‌టాప్ అన్నీ దానికే వాడుతున్నాను. పోయిన వారం ప్లగ్గు రంధ్రాల చుట్టూ గోధుమ రంగు మచ్చ కనబడింది, కాలిన వాసన కూడా వచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఓనరు ఆంటీ ఈమధ్యే రంగులు వేయించారు. గోడ పగలగొడితే అడ్వాన్సులో కోసుకుంటానన్నారు. కేసింగ్ పట్టీ వేసుకోమన్నారు కానీ మేకులు కొట్టొద్దంటున్నారు. డబుల్ టేపుతో మనమే అంటించేద్దామని మా ఫ్రెండు అంటున్నాడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, ఉన్న బోర్డులోంచే వైరు లాగి ఎదురుగోడకి ప్లగ్గు ఇస్తాను, గంట పని అన్నాడు. తలుపు పైన గోడ మీద బిగించిన ఎం.సి.బి. బాక్సు ఉంది. అందులో రెండు ఎం.సి.బి.లు, ఒక ఖాళీ ఉన్నాయి. ఇంకో ఏడాదైనా ఈ గదిలోనే ఉండాలి. ఎవరి మాట వినను?
— ఒక పాఠకుడు

జవాబు:

ఈ ఉత్తరం చదవడం అయ్యాక మీరు చేయాల్సిన మొదటి పని, ఆ ప్లగ్గులో స్టవ్వు గానీ కెటిల్ గానీ పెట్టడం ఆపేయడం. మచ్చ పడి వాసన వచ్చిందంటే సాకెట్ లోపల పిన్నులను పట్టుకునే ఇత్తడి రేకు వేడికి వదులైపోయిందని అర్థం. వదులైన రేకు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడికి ఇంకా వదులవుతుంది. తనంతట తాను బాగుపడేది కాదు. ఆ సాకెట్‌నీ, కన్వర్టర్‌నీ, ఎక్స్‌టెన్షన్ ప్లగ్గునీ మూడింటినీ మార్చేయండి. పైకి బాగానే కనిపిస్తున్నా సరే, వేడి తగిలిన ముక్కను కొత్త సాకెట్‌లో పెడితే కొత్తదీ పాడవుతుంది.

ఇక మీ చుట్టూ ఉన్న ముగ్గురూ మూడు వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నారు. ఆంటీ బెంగ గోడ గురించి. మీ ఫ్రెండు ఆలోచన పట్టీ ఎలా నిలబెట్టాలన్న దాని గురించి. ఎలక్ట్రీషియన్ తొందరగా పని ముగించే దారి చెప్పాడు. అసలు విషయం ఎవరూ అడగలేదు: కొత్త పాయింటుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? కేసింగ్ అనేది వైరు వెళ్లడానికి ఒక ప్లాస్టిక్ దారి మాత్రమే. అడుగు పట్టీ గోడకు బిగుస్తుంది, దాంట్లో వైర్లు పరిచి పైన మూతపట్టీ నొక్కుతాం. ఆ పట్టీలో ఎంత మందం వైరు వేసినా, దానికి కరెంటు అందించేది గోడలోపల ఉన్న పాత సన్న వైరే అయితే బరువంతా ఆ సన్న వైరు మీదే పడుతుంది.

మీ లెక్కే చూద్దాం. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. 1800 వాట్ల స్టవ్వు దాదాపు 7.8 ఆంపియర్లు తీసుకుంటుంది. 1500 వాట్ల కెటిల్ 6.5 ఆంపియర్లు. రెండూ ఒకేసారి నడిస్తే 14.3. మీ బోర్డులోని చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అంటే స్టవ్వు ఒక్కటే పెట్టినా అది తన హద్దు దాటి పనిచేస్తోంది. స్టవ్వుకు కంపెనీవాళ్లు లావు పిన్నుల ప్లగ్గు ఇచ్చింది అది చిన్న సాకెట్‌లో పట్టకూడదనే. కన్వర్టర్ పెట్టినప్పుడు ఆ అడ్డు పోయింది, సాకెట్ బలం మాత్రం పెరగలేదు.

"మరి ఎం.సి.బి. పడలేదు కదా" అని మీకు అనిపించి ఉండొచ్చు. చాలామంది ధైర్యం అదే. లైట్ల బోర్డుకు సాధారణంగా 6 లేదా 10 ఆంపియర్ల ఎం.సి.బి. ఉంటుంది. మీది 10 అనుకుందాం. 10 ఆంపియర్ల ఎం.సి.బి. 10 దాటగానే పడదు. 11.3 ఆంపియర్ల దగ్గర గంటసేపు పడకుండా ఉండాలి, 14.5 ఆంపియర్ల దగ్గర గంటలోపు పడాలి అన్నది దాని తయారీ ప్రమాణం. మీ స్టవ్వు, కెటిల్ కలిపి తీసుకునే 14.3 సరిగ్గా ఈ రెండింటి మధ్యే ఉంది. పడొచ్చు, పడకపోవచ్చు. పడినా ఎంతో సేపటికి గానీ పడకపోవచ్చు. ఈలోపు అన్నం ఉడికిపోతుంది, సాకెట్ కాలిపోతుంది. ఎం.సి.బి. గోడలో వైరును కాపాడటానికి పెట్టింది. ఒక సాకెట్‌లో వదులైన రేకు వేడెక్కుతోందన్న సంగతి దానికి తెలిసే అవకాశమే లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది ఎలక్ట్రీషియన్ చెప్పిన దారి, అంటే ఉన్న బోర్డులోంచి వైరు లాగి పట్టీలో ఎదురుగోడకు తీసుకెళ్లడం. ఇది తప్పు పని అనను. లాప్‌టాప్, ఫోన్ ఛార్జర్, టేబుల్ లైటు, చిన్న ఫ్యాను లాంటివాటికి ఇది చాలు. ఇవన్నీ కలిపినా రెండు ఆంపియర్లు దాటవు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి, చివర 6 ఆంపియర్ల సాకెట్ పెడితే ఏడాది పాటు ఏ బాధా ఉండదు. కానీ వంటగట్టు దగ్గర ప్లగ్గు కనబడితే అందులో స్టవ్వు పెట్టకుండా ఉండగలరా? నేనైతే నమ్మను. మీ సంగతి అటుంచితే, మీరు లేనప్పుడు వచ్చిన స్నేహితుడు టీ పెట్టుకోవాలనుకున్నా చాలు. కాబట్టి ఈ దారి ఎంచుకుంటే ఆ పాయింటును టేబులు దగ్గరే ఆపేయండి, గట్టు దాకా తీసుకెళ్లొద్దు. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ మాత్రం ఈ లైన్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టించకండి. పెద్ద సాకెట్ చూసినవాళ్లెవరైనా వెనక అంత లావు వైరు ఉందనే అనుకుంటారు.

రెండో దారి, ఎం.సి.బి. బాక్సు నుంచే వంటకు విడిగా ఒక లైన్ లాగడం. మీ బాక్సు గోడ మీదే బిగించి ఉంది, అందులో ఒక ఖాళీ కూడా ఉంది కాబట్టి మీకు ఇది అందుబాటులో ఉన్న దారే. ఆ ఖాళీలో 16 ఆంపియర్ల ఎం.సి.బి. బిగించి, అక్కడి నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు మూడు, అంటే ఫేజ్, న్యూట్రల్, ఎర్త్, పట్టీలో గట్టు దాకా తీసుకెళ్లి 16 ఆంపియర్ల సాకెట్లు రెండు పెట్టాలి. స్టవ్వు, కెటిల్ రెండూ కలిసి నడిచినా 14.3 ఆంపియర్లే కాబట్టి లైన్ మోస్తుంది. దానికి మూడోది తోడైతే, ఉదాహరణకు చలికాలంలో రూమ్ హీటర్, లెక్క దాటిపోతుంది. అప్పుడు ఎం.సి.బి. పడితే అది తన పని సరిగ్గా చేసిందన్నమాట. తరచూ పడుతోందని ఇంకా పెద్దది పెట్టించకండి.

ఈ రెండో దారిలో ముందే చూడాల్సింది ఒకటుంది. కింద మీటరు నుంచి మీ గది బాక్సుకు వచ్చే వైరు ఎంత లావుంది? అది 4 చదరపు మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే నిశ్చింత. అదే 1.5 అని తేలితే, గదిలో మీరు ఎంత మంచి లైన్ వేసినా ఇరుకు మెట్ల దగ్గరే మిగిలిపోతుంది. మేడ మీద తర్వాత కట్టిన గదులకు కింది అంతస్తు లైట్ల వైరునే పైకి లాగి వదిలేయడం నేను చాలాచోట్ల చూశాను. కాబట్టి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు పట్టీల కొలతలు తీయించడానికి ముందే, మెయిన్ ఆపి, బాక్సు మూత తీసి, లోపలికి వచ్చే వైరు చూపించమనండి. వైరు తొడుగు మీదే సైజు అచ్చువేసి ఉంటుంది. అరిగిపోయి కనిపించకపోతే చివర రాగి లావు చూసి అతను చెప్పగలడు. మీటరుకు మంజూరైన లోడ్ ఎంతో ఆంటీని అడగండి. ఇల్లంతా ఒకే మీటరైతే, సాయంత్రం కింద వాళ్ల గీజరు, పైన మీ స్టవ్వు కలిసే వేళ గురించి కూడా ఆలోచించాలి.

వచ్చే వైరు సన్నదని తేలితే మీకు మూడో దారి మిగులుతుంది. టేబులు దగ్గరకు మొదటి పద్ధతిలో చిన్న పాయింటు వేయించుకుని, వంట గ్యాస్ మీదకు మార్చుకోవడం. లేదా కింది నుంచి కొత్త వైరు వేయించమని ఆంటీని అడగడం. ఆ ఖర్చు ఇంటికి పెట్టే ఖర్చు, ఏడాది ఉండి వెళ్లిపోయే మీరు భరించాల్సింది కాదని నా అభిప్రాయం. సగం సగం అనుకున్నా తప్పులేదు, కానీ అడగకుండా మాత్రం ఉండకండి. మచ్చ పడిన సాకెట్‌ను ఆమెకు చూపించి మాట్లాడండి. గోడ రంగు గురించి అంత పట్టింపు ఉన్న మనిషి, అదే గోడలో వైరు కాలుతోందంటే పట్టించుకోకుండా ఉండరు.

మీరు రెండో దారే ఎంచుకున్నారనుకుని మిగతా పని చెబుతాను. పట్టీ ఎటు నుంచి వెళ్లాలో ముందు పెన్సిల్‌తో గీసుకోండి. తలుపు పైన బాక్సు ఉన్న ఎత్తులోనే అడ్డంగా మూల దాకా, అక్కడి నుంచి పక్కగోడ వెంబడి అదే ఎత్తులో, మళ్లీ మూల తిరిగి ఎదురుగోడ మీద గట్టుకు పైన ఆగి, నిలువుగా కిందికి దించాలి. ఐమూలగా ఎక్కడా వెళ్లకూడదు. చూడటానికి బాగోదన్నది ఒక కారణం. రేపు ఎవరైనా మేకు కొట్టేటప్పుడు వైరు అడ్డంగా గానీ నిలువుగా గానీ ఉంటుందనే అనుకుంటారన్నది అసలు కారణం. మీ గది 12 అడుగులది అనుకుంటే, తలుపు వైపు 5 అడుగులు, పక్కగోడ 12, ఎదురుగోడ 4, కిందికి మూడున్నర, మొత్తం 24.5 అడుగులు, అంటే దాదాపు ఏడున్నర మీటర్లు. రెండు మీటర్ల పట్టీలు నాలుగు చాలు. వైరు మాత్రం ఒక్కొక్కటీ ఎనిమిదిన్నర మీటర్లు తీసుకోండి. రెండు చివర్లా బిగించడానికి చేతికి అందేంత వైరు మిగలాలి. సాకెట్ పెట్టె లోపల వైరు బిగుతుగా లాగినట్టు ఉంటే కొన్నాళ్లకు స్క్రూ దగ్గర వదులవుతుంది.

మూడు 2.5 వైర్లకు 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ హాయిగా సరిపోతుంది. పట్టీ సగానికి మించి నిండకూడదు. కిక్కిరిసి ఉంటే వైర్ల వేడి బయటికి పోదు, మూత కూడా సరిగ్గా పట్టదు. ఖాళీ ఉంది కదా అని ఇంటర్నెట్ వైరో, కేబుల్ టీవీ వైరో అందులోనే దూర్చకండి. వాటికి వేరే పట్టీ వేసుకోండి.

ఇక టేపా, స్క్రూనా? మీకు వింతగా అనిపించొచ్చు కానీ, కొత్తగా రంగు వేసిన గోడకు టేపు చేసే నష్టమే ఎక్కువ. టేపు గోడను పట్టుకోదు, రంగు పొరను పట్టుకుంటుంది. రంగు పుట్టీని, పుట్టీ గోడను పట్టుకుంటాయి. ఏడాది తర్వాత పట్టీ పీకినప్పుడు ఈ మూడింటిలో ఏ పట్టు బలహీనంగా ఉంటే అక్కడ ఊడుతుంది. తరచూ ఊడేది పుట్టీయే, అదీ అరచేతి వెడల్పు పెచ్చులుగా. అది సున్నం గానీ డిస్టెంపర్ గానీ అయితే దీనికి వ్యతిరేకంగా, మీరు ఉండగానే, వేసవి వేడికి పట్టీయే జారి కింద పడుతుంది. పట్టీ జారితే మూత తెరుచుకుంటుంది, కరెంటు ఉన్న వైర్లు వేలాడతాయి. మీ గోడ ఎలాంటిదో తెలుసుకోవడం తేలిక. అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి పొడి అంటితే టేపు మాట మరిచిపోండి. అంటకపోతే, తలుపు వెనక కనబడని చోట మామూలు సెల్లో టేపు ముక్క అంటించి ఒక్కసారిగా లాగండి. టేపుకు రంగు అంటుకుని వస్తే పట్టీ పీకిన రోజు ఇంతకు పదింతలు వస్తుంది. టైల్స్, ఆయిల్ పెయింట్, లామినేట్ చెక్క మీద మాత్రం మంచి ఫోమ్ టేపు బాగా నిలుస్తుంది. మీ గట్టు పైన టైల్స్ ఉంటే ఆ నిలువు పట్టీ వరకు టేపుతో కానివ్వండి.

స్క్రూకు కావలసిన రంధ్రం 6 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల లోతు. అందులో ప్లాస్టిక్ ప్లగ్ పెట్టి స్క్రూ బిగిస్తారు. అర మీటరుకు ఒకటి, ప్రతి మూలకూ ప్రతి ముక్క చివరకూ దగ్గరలో ఒకటి చొప్పున, మీ దారికి ఇరవై లోపే. ఆంటీ మేకులు వద్దన్నది సుత్తితో కొడితే గోడ పెచ్చులూడుతుందని అయి ఉంటుంది. డ్రిల్లుతో వేసే ఈ రంధ్రానికీ మేకుకూ తేడా ఆమెకు చూపించండి. అలమారా వెనక ఒకటి వేసి, అక్కడికక్కడే పుట్టీతో పూడ్చి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది చూపిస్తే మాటలతో పని ఉండదు. ఒప్పుకుంటే, ఏ గోడ మీద ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది ఫొటో మీద గీత గీసి, వెళ్లేటప్పుడు పూడ్చి ఇస్తానని రాసి మెసేజ్ పంపండి. ఆమె సరే అన్న జవాబు అడ్వాన్సు రోజున మీకు అక్కరకొస్తుంది. ససేమిరా అంటే, టేపు పరీక్షలో గోడ నెగ్గితేనే టేపు వాడండి. నెగ్గకపోతే పట్టీ పని ఈ గదిలో జరగదు, వంట గ్యాస్ మీదకు మార్చుకోవడమే మీ దారి.

ఒక్క విషయంలో నేను బేరానికి రాను. పట్టీని టేపుతో నిలబెట్టినా, సాకెట్ పెట్టెకు మాత్రం స్క్రూలు ఉండాల్సిందే, వాటికైనా ఆంటీని ఒప్పించాలి. పట్టీని ఎవరూ లాగరు. సాకెట్‌ను రోజూ లాగుతాం. 16 ఆంపియర్ల ప్లగ్గు పీకడానికి పడే బలానికి టేపు కొన్ని వారాల్లో వదిలేస్తుంది, పెట్టె వైర్లకు వేలాడుతుంది. అక్కడ టైల్స్ ఉంటే టైలు మధ్య కాకుండా పైనున్న గోడ మీద పెట్టించండి, టైలు పగిలే భయం ఉండదు. సాకెట్ స్టవ్వుకు నేరుగా పైన ఉండొద్దు, ఆవిరంతా దాంట్లోకే పోతుంది. కుళాయికి దగ్గరగా కూడా వద్దు. ఒక పక్కకు, స్టవ్వు వైరు వేడి గిన్నె మీదుగా వెళ్లకుండా అందే చోట ఉండాలి.

డ్రిల్లు పెట్టే ముందు ఇంకో జాగ్రత్త. గోడలోపలి వైర్లు సాధారణంగా స్విచ్‌బోర్డు నుంచి నిలువుగా పైకి వెళ్తాయి. మీ బోర్డు తలుపు పక్కనే ఉంది కాబట్టి, బాక్సు నుంచి మొదలయ్యే ఆ 5 అడుగుల్లో బోర్డుకు సరిగ్గా పైన ఉన్న చోట రంధ్రం వేయకూడదు. అక్కడ స్క్రూను ఒక జానెడు పక్కకు జరపండి.

పట్టీలు బిగించేటప్పుడు పనితనం తెలిసేది మూలల దగ్గర. రెండు ముక్కలనూ 45 డిగ్రీల కోణంలో కోసి కలపాలి, లేదా రెడీమేడ్ మూల ముక్కలు వాడాలి. రంపంతో కోసిన అంచు కత్తిలా ఉంటుంది. దాన్ని గరుకు కాగితంతో నున్నగా చేయకపోతే, వైరును మూల తిప్పి నొక్కినప్పుడు తొడుగు చీరుకుపోతుంది. పైన మూత పడ్డాక అది ఎవరికీ కనబడదు. అందుకే మూతలు పెట్టే ముందు మొత్తం దారిని మీరు ఒకసారి కళ్లారా చూడండి. వైర్లు బాక్సు నుంచి సాకెట్ దాకా ఒకే ముక్కగా ఉండాలి. మధ్యలో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఒక్కటి కనబడినా మూత వేయనివ్వకండి. పట్టీలో జాయింటు ఉంటే అది వేడెక్కుతున్నా తెలియదు, చుట్టూ ఉన్నది ప్లాస్టిక్.

ఎర్త్ వైరు లాగడం ఒక ఎత్తు, దానికి నిజంగా ఎర్త్ ఉండటం ఇంకో ఎత్తు. స్టవ్వు, కెటిల్ రెండూ నీళ్ల దగ్గర వాడేవి కాబట్టి ఇది మీకు ముఖ్యం. బాక్సు దాకా పచ్చ వైరు వచ్చిందా, అది పనిచేస్తోందా అని ఎలక్ట్రీషియన్‌తో పరీక్షించి చూపించమనండి. ఎర్త్ లేదని తేలినప్పుడు కొందరు సాకెట్ వెనక న్యూట్రల్‌నుంచి చిన్న ముక్క ఎర్త్ రంధ్రానికి కలిపేసి అయిపోయిందంటారు. అలా చేయనివ్వకండి. ఎక్కడైనా న్యూట్రల్ ఊడిన రోజు మీ కెటిల్ లోహపు ఒంటికంతా కరెంటు ఎక్కుతుంది. ఎర్త్ లేని పక్షంలో దాన్ని కింది నుంచి తెప్పించేదాకా ఈ లైన్ వాడకుండా ఉండటమే మంచిది. బాక్సులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే అదీ పెట్టించమని అడగండి. మనిషికి షాక్ తగిలినప్పుడు లైన్ కట్ చేసేది అదే, ఎం.సి.బి. ఆ పని చేయదు. దానికి రెండు ఎం.సి.బి.లు పట్టేంత చోటు కావాలి కాబట్టి బాక్సు పెద్దది వేయాల్సి రావచ్చు.

మీరే చేసుకోవడం గురించి అడిగారు. పట్టీల దారి గీయడం, కోయడం, బిగించడం మీరూ మీ ఫ్రెండూ చేసుకోండి, అందులో ప్రమాదమేమీ లేదు. పైగా మీ గోడ మీద మీకున్నంత శ్రద్ధ పనివాడికి ఉండదు. బాక్సులో ఎం.సి.బి. బిగించడం, వైర్లు కలపడం, పరీక్షించడం మాత్రం లైసెన్సు ఉన్నవాళ్లతోనే చేయించండి. మన దేశంలో విద్యుత్ భద్రతా నిబంధనలు కూడా అదే చెబుతాయి. పాడైన స్విచ్చో ఫ్యూజో అదే సైజుది మార్చుకోవచ్చు గానీ, కొత్త లైన్ కలపడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు పని. బాక్సు మీద ఎం.సి.బి. ఆపేసినా దాని పైకి వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది, కింద మెయిన్ ఆపితే తప్ప. కొత్తవాళ్లు దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

పని అయ్యాక మొదటిరోజు ఒక పరీక్ష చేయండి. స్టవ్వు మీద పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టి, పూర్తి పవర్‌లో ఇరవై నిమిషాలు నడిపి, ఆపేసి, ప్లగ్గు పీకి పిన్నులకు తగలకుండా దాని ప్లాస్టిక్ ఒంటిని, సాకెట్ ముఖాన్ని, పట్టీని మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూడండి. కొంచెం గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఒకచోట మాత్రమే వేడిగా తగిలితే అక్కడ స్క్రూ వదులుగా ఉంది, లేదా దాచిన జాయింటు ఉంది. స్టవ్వు వేయగానే గదిలో లైటు బాగా మందగిస్తే, కింది నుంచి వచ్చే వైరు దగ్గర ఏదో ఉందని అనుమానించాలి. ఓ నెల పోయాక ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ ఆపించి సాకెట్ వెనక స్క్రూలు మరోసారి బిగించమనండి. సన్న పోగుల రాగి వైరు ఒత్తిడికి కాస్త సర్దుకుని మొదటి బిగుతు తగ్గుతుంది.

పట్టీ నిలువుగా దిగే చోట గోడకు చెమ్మ ఉందేమో కూడా చూసుకోండి. మేడ గదుల్లో పైకప్పు మూలల నుంచి వానాకాలం నీళ్లు దిగుతుంటాయి. రంగు ఉబ్బిన మచ్చ గానీ, తెల్లటి ఉప్పు పొడి గానీ కనబడితే దారి మార్చి ఇంకో గోడ మీదుగా తీసుకెళ్లండి. పట్టీకి నీటిని ఆపే గుణం లేదు. మూత సందుల్లోంచి లోపలికి వెళ్లిన తడి నేరుగా సాకెట్‌లోకే దిగుతుంది.

ఖాళీ చేసే ముందు, ఆ లైన్ ఉంచేయమంటారేమో ఆంటీని అడగండి. తర్వాత వచ్చేవాళ్లకూ వంట ప్లగ్గు కావాలి కదా. తీసేయమంటే, ముందు ఎలక్ట్రీషియన్‌తో బాక్సులో ఆ మూడు వైర్ల చివరలు విప్పించండి. బాక్సు వైపు కలిపి ఉంచి సాకెట్ మాత్రం పీకి, వైరు కొసలకు టేపు చుట్టి వదిలేయడం ఎప్పుడూ చేయొద్దు. ఆ తర్వాత మూత, వైర్లు, పట్టీ, ప్లగ్గులు వరసగా తీసి రంధ్రాలు పుట్టీతో పూడ్చండి. పట్టీ కింద ఉన్న రంగు వెలుతురు తగలక కొత్తగానే ఉంటుంది, చుట్టూ ఉన్నది కొంచెం వెలిసిపోయి ఉంటుంది, ఆ గీత కనబడుతుంది. ఆంటీ దగ్గర మొన్న వేయించిన రంగు డబ్బాలో మిగిలింది ఉంటే మూత గట్టిగా బిగించి ఉంచమని ఇప్పుడే చెప్పండి. డబ్బా అయిపోయి ఉంటే కనీసం దాని మీది రంగు నంబరు ఫొటో తీసిపెట్టుకోండి.